ప్యాటర్న్ పేపర్ మీద ఈ గుర్తులేంటి? కుర్తీ ముందు భాగం రెండు ముక్కలైపోయింది (ఫోటో పెట్టాను)

కొత్తకత్తెర
అందరికీ నమస్తే అండి. మిషన్ కొని నాలుగు నెలలైంది, ఇప్పటిదాకా గలీబులు, లంగాలు, పాపకి రెండు గౌన్లు కుట్టాను, అవి కూడా ఆది గౌను పెట్టి గీసుకుని కుట్టినవే. ఈసారి ధైర్యం చేసి నెట్‌లో ఒక కుర్తీ ప్యాటర్న్ పీడీఎఫ్ కొని, ఏ4 కాయితాల మీద ప్రింట్ తీయించి, అన్నీ అతికించి ముక్కలు కత్తిరించుకున్నా. ఫోటోలో ఉన్నది 1వ ముక్క, అంటే ముందు భాగం, సగమే ఉంటుంది. ఎడమ పక్క అంచు తిన్నగా ఉంది, దాని పక్కనే ఒక పొడుగు బాణం, దాని రెండు కొనలూ ఆ అంచు వైపుకి వంగి ఉన్నాయి. చంక వంపులో ఒక నల్ల త్రికోణం, పక్క కుట్టు వైపు ఇంకో రెండు, నడుము దగ్గర అడ్డంగా జంట గీతలు. రెండో ఫోటో చెయ్యి, దాని మధ్యలో మామూలు బాణం, తల వంపులో ఒక పక్క ఒక త్రికోణం, ఇంకో పక్క రెండు.

నేను చేసిన పనేంటంటే గుడ్డని రెండు పొరలుగా మడిచి, ముక్క తిన్నటి అంచుని గుడ్డ అంచు వైపు పెట్టి చుట్టూ కత్తిరించేశా. విప్పి చూస్తే ముందు భాగం రెండు సగాలు! పెడన కలంకారీ కాటన్ అండి, 44 పన్నా, రెండున్నర మీటర్లు తెచ్చుకున్నా, అలాంటిది మళ్ళీ దొరకదు. చేతులు కూడా కత్తిరించేశా, వెనక భాగం ఇంకా ముట్టుకోలేదు. ఏం చెయ్యాలి?

పట్టుచీర77
హాయ్, నెక్ ప్యాటర్న్స్ కావాలంటే నా దగ్గర పాట్ నెక్, బోట్ నెక్, కీ హోల్ అన్నీ ఫోటోలు ఉన్నాయి, కలంకారీకి బోట్ నెక్ బాగుంటుంది, పెట్టనా?

కొత్తకత్తెర
నెక్ మోడల్ కాదండి, కాయితం ముక్కల మీద గుర్తుల గురించి అడుగుతున్నా 🙂

జాకెట్ల_పద్మ
అమ్మాయ్, ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నా, ఒక్క రోజు కూడా కాయితం పెట్టలేదు. ఆది జాకెట్టు తీసుకోవడం, టేపు పెట్టడం, చాక్‌తో తిన్నగా బట్ట మీదే గీసెయ్యడం. ఆ వంగిన బాణం అంటే అక్కడ మడత రావాలని, అది నాకూ తెలుసు, నువ్వు మడత వైపు పెట్టకుండా అంచు వైపు పెట్టావు, అందుకే రెండు ముక్కలైంది. త్రికోణాలకి లెక్క ఒకటే, ఒకటుంటే ముందు, రెండుంటే వెనక. ఎక్కడ కనిపించినా ఇదే లెక్క, ఇంకేం బుర్ర పాడుచేసుకోకు. రెండు సగాలూ మధ్యలో కలిపి కుట్టేసెయ్, కలంకారీలో కుట్టు కనపడదు.

పాత_మిషన్
పద్మమ్మ చెప్పిన మడత సంగతి కరెక్ట్. మిగతా రెండిటికీ నేను కొంచెం అడ్డం వస్తా, ఏమనుకోకండి. నేను ఎక్స్‌పోర్ట్ కుర్తీలు కుట్టే చోట కటింగ్ టేబుల్ మీద పదిహేడేళ్ళు ఉన్నా, ఇప్పుడు ఇంట్లోనే కుడుతున్నా.

ముందు మీ రెండు సగాల సంగతి. కొనలు వంగిన బాణం ఉన్న అంచు అసలు అంచే కాదు, అది బొమ్మలో సగం దగ్గర ఆగిన చోటు. అందుకే ఆ పక్క కుట్టు మార్జిన్ ఇవ్వరు. చుట్టూ అర అంగుళం మార్జిన్ కలిపే గీసి ఉంటుంది, ఆ ఒక్క వైపు మాత్రం సున్నా. ఇప్పుడు మీరు పద్మమ్మ చెప్పినట్టు రెండు సగాలూ మధ్యలో అర అంగుళంతో కలిపి కుడితే ఈ సగంలో అర, ఆ సగంలో అర, మొత్తం ఒక అంగుళం మింగేస్తుంది. ఛాతీ దగ్గరా ఒక అంగుళం తగ్గుద్ది, మెడ వెడల్పూ ఒక అంగుళం తగ్గుద్ది. ఛాతీ లూజులో సర్దుకుపోవచ్చు గానీ మెడ సర్దుకోదు, వెనక మెడ మామూలుగా ఉండి ముందు మెడ ఇరుకైతే భుజం కుట్టు దగ్గర రెండూ కలవవు.

దానికి మందు ఉంది. మధ్యలో ఒక పట్టీ వెయ్యండి. పట్టీ 2 అంగుళాల వెడల్పు కత్తిరించండి, రెండు పక్కలా అర అంగుళం కుట్టులోకి పోతే పైకి కనపడేది 1 అంగుళం. అంటే సగాల్లో పోయిన అంగుళం పట్టీలో తిరిగొచ్చింది, కొలత అక్షరాలా ప్యాటర్న్‌లో ఉన్నంతే. మీద నాలుగు బొత్తాలు కుడితే కావాలనే పెట్టిన డిజైన్ అనుకుంటారు. పట్టీని నిలువు పోగులోనే తియ్యండి, అడ్డంగా తీస్తే సాగి మధ్యలో అలలు వస్తాయి.

కొత్తకత్తెర
అన్నా థాంక్స్!! ఏడుపొచ్చేసింది నిన్న, ఇప్పుడు ఊపిరొచ్చింది. వెనక భాగానికి కూడా వంగిన బాణమే ఉంది, అది జాగ్రత్తగా మడత మీద పెడతా. షాపులో మడిచిచ్చిన మడతే ఉంది గుడ్డకి, దాని మీదే పెట్టెయ్యొచ్చా?

పాత_మిషన్
అక్కడే ఆగు చెల్లీ. ఆ మడతని నమ్మొద్దు. షాపులో తాను చుట్టేటప్పుడు మధ్యలో పడిన మడత చాలాసార్లు పోగు వెంట ఉండదు, పక్కకి జరిగి ఉంటుంది. మడత మీద పెట్టే ముక్కకి ఆ వంగిన బాణమే పోగు బాణం కూడా, విడిగా ఇంకోటి ఉండదు, కాబట్టి మడత వంకరైతే వీపు మొత్తం వంకరే.

గుడ్డ తడిపి ఆరేసి ఉంటే, ఇస్త్రీతో ఆ పాత మడత పోగొట్టు. తర్వాత రెండు అంచులూ పట్టుకుని, చేతులు పైకెత్తి గుడ్డని గాల్లో వేలాడదియ్యి. అంచులు రెండూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుని ఉన్నా కింద మడత దగ్గర ముడతలు ఏటవాలుగా లాగుతుంటే, ఒక అంచుని కుడికో ఎడమకో మెల్లగా జరుపు. ఒక చోటికి వచ్చేసరికి ఆ ముడతలు మాయమై మడత తిన్నగా వేలాడుద్ది. అదీ అసలు మడత. అప్పుడు పైన కోసిన చివరలు రెండూ కలవకపోయినా కంగారు పడకు, షాపువాడు వంకరగా చింపాడంతే.

నల్గొండ_నర్సక్క
మంచిగ చెప్పినవ్ అన్న. నాది గదే కథ, పోయిన ఎండాకాలం చుడీదార్ ప్యాంట్ కుట్టిన, దుకాణంల మడత మీదనే పెట్టి కోసిన. వేసుకున్నప్పుడు మంచిగనే ఉండె, ఒక్కసారి ఉతికినంక కుడికాలు కుట్టు మోకాలు కాడికెళ్ళి ముందుకు తిరిగింది. ఎన్నిసార్లు సదిరినా మల్ల అట్లనే వచ్చేది. మిషన్ ఖరాబైందేమో అనుకున్న, మిషన్ బాగుచేసేటాయనకి రెండు వందలు ఇచ్చిన గూడ 😅

పాత_మిషన్
నర్సక్కా మీ మిషన్ తప్పేం లేదు. నేతలో పడుగు పోగులు నిలువు, పేక పోగులు అడ్డం, ముక్క రెండిటికీ మధ్యలో ఏటవాలుగా పడితే ఉతికాక బట్ట తన దారికి తాను తిరుగుద్ది, కుట్టు దాని వెంట పోతుంది. కట్టుకున్న రోజు ఇస్త్రీ మీద ఉంటుంది కాబట్టి తెలీదు.

కొత్తకత్తెరా, చేతులు కత్తిరించేశా అన్నావు, ఆ కాయితం బాణాన్ని ఎలా చూసి పెట్టావు?

కొత్తకత్తెర
కంటికి నిలువుగా కనపడేలా పెట్టా అన్నా... తప్పా?

పాత_మిషన్
కత్తిరించిన ముక్క మీద మళ్ళీ కాయితం పెట్టి, బాణం ఎక్కడుందో చాక్‌తో గీసి, దగ్గర్నుంచి ఫోటో పెట్టు. లేకపోతే ఆ మిగిలిన గుడ్డలో కన్నం ఉంటుంది కదా, చెయ్యి కత్తిరించిన చోటు, అందులో కాయితం తిరిగి ఇమిడేలా పెట్టి, బాణం పై కొన నుంచి గుడ్డ అంచుకి ఎంత, కింద కొన నుంచి అంచుకి ఎంత, టేపు పెట్టి చెప్పు.

కొత్తకత్తెర
చూశా. పై కొన నుంచి 9, కింద కొన నుంచి 9 ముప్పావు. బాణం పొడవు 14.

పాత_మిషన్
ముప్పావు అంగుళం తేడా. 14 అంగుళాల బాణంలో అది తక్కువేం కాదు, చెయ్యి మోచేతి చుట్టూ మెలి తిరిగే రకం. బాణం ఉన్నది అందం కోసం కాదు, టేపు పెట్టడానికి. పై కొన దగ్గర ఒక పిన్ను గుచ్చి కదలకుండా ఉంచి, కింద కొనని అటూ ఇటూ జరుపుతూ అక్కడా అంతే కొలత వచ్చేదాకా సర్దాలి. 9 అంటే రెండు చోట్లా 9. అప్పుడే రెండో పిన్ను.

డల్లాస్_సుధ
ఇక్కడ ఇంకోటి కలుపుతా. బాణానికి రెండు వైపులా ములుకులుంటే ముక్కని తలకిందులుగా పెట్టినా పర్లేదు, పోగు అదే కదా. కానీ నేను ఇక్కడ వెల్వెట్ తీసుకుని మా అమ్మాయికి లాంగ్ ఫ్రాక్ కుట్టినప్పుడు గుడ్డ మిగలాలని ముందుది ఇలా వెనకది అలా పెట్టేశా, లైట్ కింద నిలబెడితే ముందు భాగం ముదురు ఎరుపు, వెనక భాగం లేత ఎరుపు, రెండూ ఒక తానులోవే! నూగు ఉన్న బట్టకి అన్ని ముక్కలూ ఒకే దిక్కుకి తల పెట్టాలి. నెమళ్ళు, ఏనుగులు ఉన్న ప్రింట్‌కీ అంతే, లేకపోతే వీపు మీద నెమలి శీర్షాసనం వేస్తుంది. అన్నట్టు మా దగ్గర పెద్ద కంపెనీల కవర్ ప్యాటర్న్స్‌లో మార్జిన్ అర అంగుళం కాదు, 5/8 ఉంటుంది, అంటే ఒకటిన్నర సెంటీమీటర్ దగ్గర. నీ పీడీఎఫ్‌లో ఎంతో మొదటి పేజీ చదువుకో.

కొత్తకత్తెర
నాదాన్లో అర అంగుళం అని రాసుంది అక్కా. నా ప్రింట్ తీగలూ పువ్వులే, తల తోక లేదు. కానీ చేతులు మళ్ళీ కత్తిరించాలంటే గుడ్డ లేదు కదా, వెనక భాగానికి 40 అంగుళాలు అట్టిపెట్టా.

పాత_మిషన్
లెక్క చూద్దాం. ముందు భాగం కింద ఘేరా దగ్గర ఎంత వెడల్పు?

కొత్తకత్తెర
సగం 13.

పాత_మిషన్
44 పన్నా మడిస్తే 22, అందులో 13 పోతే మడత వైపు 9 మిగిలి ఉంటుంది. అది మడత కాబట్టి విప్పితే 18 వెడల్పు, పొడవు 40 చిల్లర. చెయ్యి వెడల్పు ఎంతుంది, 14 లోపైతే గట్టెక్కినట్టే.

కొత్తకత్తెర
సరిగ్గా 14! పొడవు 17!

పాత_మిషన్
ఇంకేం, ఒకదాని కింద ఒకటి పెడితే 34, సరిపోయింది. పక్కన 4 అంగుళాల కమ్మి మిగులుతుంది, అందులోంచి 2 అంగుళాల పట్టీ. ఒకే ఒక్క జాగ్రత్త. ఇప్పుడు గుడ్డ ఒంటి పొర. కాయితం మీద రెండు కత్తిరించండి అని ఉన్నది రెండు పొరల లెక్కలో, అప్పుడు ఒకటి కుడిది ఒకటి ఎడమది వాటంతటవే వస్తాయి. ఒంటి పొర మీద కాయితాన్ని అలాగే రెండుసార్లు పెడితే రెండూ కుడి చేతులే వస్తాయి. మొదటిది కోశాక కాయితాన్ని బోర్లా తిప్పి రెండోది కొయ్యి. కలంకారీకి సీదా ఉల్టా ఉంటుంది కాబట్టి తర్వాత తిప్పేసుకుందాంలే అంటే కుదరదు. అంచు దూరంగా ఉంటుంది కదా అని బాణాన్ని వదిలెయ్యకు, పాత కోత గీతకి కాదు, మిగిలి ఉన్న నిజం మడత ఆనవాలుకి కొలువు, అదీ వేలాడదీసి తెచ్చుకున్న మడతైతేనే.

జెంట్స్_టైలర్_రాజు
అంచు అసలు లేని బిట్ ముక్క అయితే ఒక పోగు లాగండి, చివర్న ఒక దారం పట్టుకుని మెల్లగా లాగితే గుడ్డలో గీత పడుతుంది, అదే పోగు. ఏది నిలువో తెలియకపోతే రెండు చేతుల్తో లాగి చూడండి, తక్కువ సాగేది నిలువు, కొంచెం సాగేది అడ్డం, బాగా సాగేది క్రాస్. ప్యాంట్ బిట్లకి మేం చేసేది ఇదే.

జాకెట్ల_పద్మ
ఇదంతా బానే ఉంది బాబూ, నా త్రికోణాల లెక్క తప్పన్నావు, ఎక్కడ తప్పో చెప్పలేదు.

పాత_మిషన్
చెప్తా పద్మమ్మా. చంక దగ్గర మీరు చెప్పిందే రివాజు, చేతి తలలో ఒక గాటు ముందుకి, రెండు వెనక్కి. అయితే ఎక్కడైనా అదే అంటేనే ఇబ్బంది. ఈ అమ్మాయి ఫోటోలో ముందు భాగం పక్క కుట్టు మీద రెండు త్రికోణాలున్నాయి చూడండి. మీ లెక్కన అది వెనక భాగం అవ్వాలి. కాదు, వెనక భాగం పక్క కుట్టులో కూడా రెండే ఉంటాయి, ఈ రెండూ ఆ రెండిటితో కలవాలని. గాటు అంటే జోడీ పేరు, అంతే. ఒకటి ఒకటితో, రెండు రెండుతో. ఈ కుర్తీలో ఆ కింద గాటు దగ్గర కుట్టు ఆపి అక్కడ్నుంచి స్లిట్ వదలాలేమో కూడా, సూచనల్లో చూడమ్మా.

కొత్తకత్తెర
అవునన్నా, కింద త్రికోణం దాకే కుట్టాలి అని ఉంది, అప్పుడు అర్థం కాలేదు.

జాకెట్ల_పద్మ
సరే ఆ మాట ఒప్పుకుంటా. కానీ చేతికి గుర్తు ఎందుకు, ముందు పక్క చంక లోతు తీస్తాం కదా, చెయ్యి చూడగానే తెలిసిపోతుంది ఏది ముందో.

పాత_మిషన్
మీకు తెలుస్తుంది, మీరు గీసింది కాబట్టి. ఈ ప్యాటర్న్‌లో ముందు వెనక తేడా పావు అంగుళం ఉంటుందేమో, కోసి రెండ్రోజులు పక్కన పెట్టి తీస్తే కొత్తవాళ్ళ కంటికి ఆనదు. ఇంకో సంగతి, ఆ గాట్లు ముందు వెనక చెప్పి ఊరుకోవు. కొత్తకత్తెరా, కాయితాల మీద కుట్టు గీత వెంట టేపుని నిలబెట్టి కొలువు, ముందు చంక, వెనక చంక, చేతి తల.

కొత్తకత్తెర
టేపు నిలబెట్టడం ఇప్పుడే నేర్చుకున్నా 😄 ముందు చంక 8 ముప్పావు, వెనక 9. చెయ్యి మొత్తం 18న్నర వస్తోంది, మూడుసార్లు కొలిచా. చంక 17 ముప్పావే కదా, ముప్పావు అంగుళం ఎక్కువ ఎందుకుంది? నేను తప్పు ప్రింట్ తీశానా?

ప్రింటర్_పంతులు
ప్రింట్ అయ్యుంటుంది. ఫిట్ టు పేజ్ పెడితే సైజు మారిపోతుంది, వంద శాతం పెట్టాలి. మొదటి పేజీలో చిన్న చదరం ఉంటుంది, దాన్ని స్కేలుతో కొలవండి.

కొత్తకత్తెర
చదరం 1 అంగుళం ఉండాలి, సరిగ్గా 1 ఉందండి.

పాత_మిషన్
ప్రింట్ బానే ఉంది, ఆ ముప్పావు కావాలనే పెట్టింది. భుజం ఉబ్బుగా ఉంటుంది కదా, దాని మీద చెయ్యి కూర్చోవాలంటే తలలో కొంచెం ఎక్కువ గుడ్డ ఉండాలి. ఆ ఎక్కువ మొత్తం గాట్ల మధ్యలో, అంటే ముందు గాటు నుంచి భుజం మీదుగా వెనక గాట్ల దాకా ఉన్న చోటే ఇమడాలి. గాట్ల నుంచి కిందికి, చంక కిందకి, చెయ్యీ చంకా సమానం, అక్కడ ఒక్క నూలు కూడా ఎక్కువ ఉండదు. గాటుని గాటుతో పిన్ను పెట్టకుండా చంక కింద నుంచి కుట్టుకుంటూ వెళ్ళిపోతే మొదట్లో తేడా తెలీదు, చివర్న ముప్పావు అంగుళం మిగిలిపోద్ది, దాన్ని చంక కిందే మడత వేసి కుట్టేస్తారు. చెయ్యి ఎత్తితే లాగేది, చంకలో ఒరుసుకునేది ఆ మడతే. నువ్వు చెయ్యాల్సింది, గాట్లు కలిపి పిన్నులు, భుజం గుర్తుని భుజం కుట్టుకి పిన్ను, ఆ మధ్యలో పెద్ద కుట్టుతో ఒక దారం తోలి కొంచెంగా లాగి, కుచ్చు కనపడకుండా వేళ్ళతో పరిచి అప్పుడు మిషన్ కింద పెట్టడం.

కొత్తకత్తెర
త్రికోణం బొమ్మంత కత్తిరించి తీసెయ్యాలా అన్నా? ముందు భాగంలో అలాగే చేశా, లోపలికి అర అంగుళం కన్నం పడింది.

పాత_మిషన్
అయ్యో. అర అంగుళం అంటే కుట్టు గీతని తాకింది. గాటు అంటే కత్తెర కొనతో ఒక్క చిన్న చీలిక, మార్జిన్‌లో సగం దాటకూడదు, నీకు పావు అంగుళం లోపే. ఇప్పుడు ఆ చోట వెనక నుంచి గోరంత ఫ్యూజింగ్ ముక్క ఇస్త్రీతో అతికించు, చంక కుట్టేటప్పుడు అక్కడ మాత్రం ఒక నూలు లోపలికి కుట్టు.

డల్లాస్_సుధ
నేనైతే లోపలికి అసలు కొయ్యను, త్రికోణాన్ని బయటికి ముక్కులా వదిలి కోస్తా. తర్వాత సరి చెయ్యాల్సి వస్తే మార్జిన్ మొత్తం ఉంటుంది.

జెంట్స్_టైలర్_రాజు
బయటికి కోస్తే రోజుకి ఒక చొక్కా కూడా కొయ్యలేం మేడమ్, ఆరు పొరలు పెట్టి కొడతాం మేం. చిన్న గాటు చాలు. పోగులు ఊడే బట్టైతే చాక్ గుర్తు.

నల్గొండ_నర్సక్క
నడుము కాడ జంట గీతలు ఏంది మరి? ఎవరూ చెప్పలే.

పాత_మిషన్
అది పొడవు పెంచుకోడానికి, తగ్గించుకోడానికి. కాయితాన్ని అక్కడ కోసి మధ్యలో కాయితం అతికిస్తే పెరుగుద్ది, అక్కడ మడిస్తే తగ్గుద్ది. కింద అంచులో తగ్గిస్తే నడుము వంపు ఉండాల్సిన చోట ఉండదు. ముందు ఎంత చేస్తే వెనక అంతే చెయ్యాలి. గుడ్డ మీద ఆ గీతతో పనే లేదు.

కొత్తకత్తెర
నేను దాన్ని టక్ అనుకుని చాక్‌తో గీసేశా, తుడిచేస్తా. ఇంకో డౌట్. గుడ్డని మీరు చెప్పినట్టు వేలాడదీసి మడత పెట్టా. ఇప్పుడు పోగు తిన్నగా ఉంది, కానీ అచ్చు వంకరగా ఉంది. వీపు మధ్యలో పువ్వుల వరస పైనుంచి కిందికి వచ్చేసరికి అర అంగుళం పక్కకి పోతోంది. పోగు చూడాలా, ప్రింట్ చూడాలా?

పాత_మిషన్
చేత్తో దిమ్మ అద్దిన గుడ్డకి అది ఉండేదే. పోగే చూడు. 40 అంగుళాల్లో అర అంగుళం వాలు ఎవరి కంటికీ పడదు.

జాకెట్ల_పద్మ
నేనొప్పుకోను. మెలి తిరిగిందో లేదో కట్టుకున్నదానికి తెలుస్తుంది, పువ్వు వంకరగా ఉంటే వీధిలో అందరికీ తెలుస్తుంది. వీపు మీద వరస తిన్నగా ఉండాలి, పోగు అర అంగుళం తప్పితే కలంకారీ కాటన్ ఏం అయిపోదు, నేను కుట్టినవి ఎన్నో ఉన్నాయి.

జెంట్స్_టైలర్_రాజు
గళ్ళు, గీతలైతే పద్మక్క మాటే. తీగలైతే పోగు. మధ్యలో పట్టీ వేస్తోంది కాబట్టి ముందు వైపు ఎలాగూ కళ్ళు పట్టీ మీదకే పోతాయి.

కొత్తకత్తెర
చేతులు రెండూ కోసేశా, కాయితం బోర్లా తిప్పి. పై కొనా కింద కొనా రెండూ ఒకటే వచ్చాయి. పట్టీ కూడా తీశా. వెనక భాగం మాత్రం పిన్నులు పెట్టి అలాగే బల్ల మీద ఉంచా, మా అత్తయ్యని ప్రింట్ చూడమన్నా, ఆవిడ దూరం నుంచి చూసి ఏ వరస వంకర అని నన్నే అడిగారు. రేపు పొద్దున వెలుతుర్లో ఇంకోసారి చూసి కోస్తా.

పట్టుచీర77
మధ్యలో పట్టీ, బొత్తాలు వస్తున్నాయంటే బోట్ నెక్ కుదరదు, కాలర్ నెక్ పెట్టు, ఫోటో పంపనా?